బోణీకి పట్టని కువైట్ కార్డు

మా అక్క చెయ్యి మంచిదని మా ఊళ్ళో పేరు. కోనసీమలో మాది పెద్ద ఊరేమీ కాదు. అయినా ఎవరు కొత్తగా కొట్టు పెట్టినా, కుట్టు మిషను కొన్నా, ఇడ్లీ బండి దింపినా ముందురోజు సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి, "రేపు పొద్దున్న పెద్దమ్మాయిని ఒకసారి పంపండి" అని మా అమ్మతో చెప్పి వెళ్ళేవారు. అక్క తలస్నానం చేసి వెళ్ళి, బేరమాడకుండా ఏదో ఒకటి కొని, రొక్కం చేతిలో పెట్టి వచ్చేది. వాళ్ళు ఆ నోటు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకునేవారు. బోణీ అంటే అంతే. అరువు పనికిరాదు, ఇంకొకరి డబ్బు పనికిరాదు, తన డబ్బు తన చేత్తో ఇవ్వాలి. నన్ను మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు. నా చెయ్యి ఎలాంటిదో పరీక్షించే సాహసం మా ఊళ్ళో ఎవరూ చేయలేదు.

అక్కకి పెళ్ళయ్యాక బావగారు బస్సులు ఆగే చోట కూల్‌డ్రింకులు, బిస్కెట్ల కొట్టు పెట్టారు. ఆ కొట్టుకీ బోణీ అక్కే చేసింది. ఏడాది తిరక్కుండా అది మూతపడింది. తర్వాత అక్క కువైట్ వెళ్ళింది, ఒక ఇంట్లో వంటపనికి. బావగారు కడియం వచ్చి నర్సరీల్లో మొక్కలు లారీలకెక్కించే పని చూసుకుంటున్నారు. ఊళ్ళో వాళ్ళు అక్కని ఒక్కమాట అన్న పాపాన పోలేదు. అనలేదు సరే, ఆ తర్వాత బోణీకి ఒక్కరూ పిలవలేదు. సెలవుకి వచ్చినప్పుడల్లా అక్క బజారుకి పొద్దున్నే వెళ్ళడం మానేసి పదకొండు దాటాక వెళ్ళేది. ఎండన పడి ఎందుకు వెళ్తావని నేను కసురుకునేదాన్ని. ఎవరి కొట్టుకీ తను మొదటి బేరం కాకూడదని అలా వెళ్తోందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇలాంటి మనిషిని మా అమ్మాయి బోణీకి పిలిచింది.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదివి, వచ్చిన ఉద్యోగం వదిలేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి కంప్యూటర్ ఆట తయారుచేసింది. గోదావరి మీద పంటు నడిపే ఆట. మేకలు, కొబ్బరికాయల గోతాలు, పెళ్ళివారు, ఒక మోటారుసైకిలు ఎక్కుతుంటే పంటు ఒక పక్కకి ఒరిగిపోకుండా అవతలి రేవుకి చేర్చాలి. నేను లెక్కల టీచర్ని. ఇదేం బతుకుతెరువు అని రెండేళ్ళపాటు రోజూ సణిగాను. తర్వాత ఒకరోజు ఎవరూ చూడకుండా ఆడి పెళ్ళికొడుకుని నీళ్ళలో ముంచేశాను. అప్పటినుంచి సణగడం తగ్గించాను.

ఆ ఆటని ఇంటర్నెట్‌లో ఆటలమ్మే పెద్ద దుకాణంలో పెడుతున్నారు. అక్క సెలవుకి వచ్చే వారం చూసుకుని తేదీ పెట్టుకుంది మా పిల్ల. ఫోన్లో వాళ్ళ పెద్దమ్మతో, "బోణీ నువ్వే చెయ్యాలి" అంది.

"నా చెయ్యి వద్దే అమ్మలూ. మీ అమ్మ చేత చేయించుకో."

"అమ్మ చెయ్యా? రెండేళ్ళ కష్టం పెద్దమ్మా."

నా పరువు అలా తీశాక అక్క నవ్వి ఒప్పుకుంది.

ఆ రోజు పొద్దున్నే అక్క, బావగారు కడియం నుంచి రాజమండ్రిలో మా ఇంటికి వచ్చారు. మావారు అప్పటికే సామర్లకోట డ్యూటీకి వెళ్ళిపోయారు. బావగారు కాలెండరు చూసి వర్జ్యం వెళ్ళిపోయిందన్నాక మా అమ్మాయి ఆటని అమ్మకానికి విడుదల చేసింది. వెంటనే పెద్దమ్మ పేరున ఆ దుకాణంలో కొత్త ఖాతా తెరిచింది. అక్క పట్టుచీర కట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. కువైట్ బ్యాంకు ఇచ్చిన కార్డు, తన జీతం పడే కార్డు, చేతిసంచీలోంచి తీసి కళ్ళకద్దుకుంది. అంకెలన్నీ తనే ఒక్కో వేలితో కొట్టింది. కొనే బటన్ తనే నొక్కింది.

కాసేపు గుండ్రంగా తిరిగి, ఎర్రక్షరాలతో ఒక వాక్యం వచ్చింది. చెల్లింపు పూర్తికాలేదు, మీ బ్యాంకుని సంప్రదించండి అని.

మళ్ళీ కొట్టింది. అదే వాక్యం. అంకె తప్పు పడిందేమోనని నేను చదువుతుంటే మూడోసారి కొట్టింది. ఈసారి ఇంకో వాక్యం: చాలాసార్లు ప్రయత్నించారు, కొన్ని గంటలు ఆగి రండి.

అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "చూశావా, నేను చెప్పలేదూ. వద్దనే అన్నాను. పిల్ల మొదటి రోజున..." అని ఆపేసింది. బావగారు బాల్కనీ దగ్గర కుర్చీలో పేపరు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

నాకు కోపం తన్నుకొచ్చింది. అక్క మీద కాదు, ఆ వాక్యం మీద. పిల్లల పేపర్లో తప్పని ఎర్రగీత కొట్టి, ఎక్కడ తప్పో చెప్పని మాస్టర్ని నేనైతే ఊరుకోను. తప్పు ఎక్కడుందో చెప్పకపోతే పిల్లలు తామే మొద్దులమనుకుంటారు. మా అక్క చేస్తున్నది సరిగ్గా అదే.

"ఓటీపీ రాలేదుగా. అదే కారణం" అన్నాను. కార్డు వాడుతున్నది తనేనని తేల్చుకోడానికి బ్యాంకు ఫోన్‌కి పంపే అంకె అక్క కువైట్ నంబరుకి పోతుంది. ఆ సిమ్ము పర్సులో నిద్రపోతోంది. తీసి ఫోన్లో వేయించి, రోమింగ్ పెట్టించాను. సిగ్నల్ వచ్చింది. కువైట్‌లో అక్కతో పనిచేసే ఆవిడ పంపిన శుభోదయాలన్నీ వరసగా దిగాయి. బ్యాంకు నుంచి మాత్రం ఏమీ లేదు. ఓటీపీ లేదు, కాదన్న కబురూ లేదు.

అసలు ఆ దుకాణమే పనిచేయట్లేదేమోనని నా డెబిట్ కార్డు తీశాను. బోణీ నా చేతి మీదుగా జరిగిపోతే ఇంట్లో బతకనివ్వరు కనక, ఆట జోలికి పోకుండా, మా అమ్మాయికి ఎప్పటినుంచో ఉన్న సొంత ఖాతాలో వంద రూపాయలు జమ చేద్దామని చూశాను. అదీ పట్టలేదు. కానీ అర నిమిషంలో మా బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది: మీ కార్డు మీద అంతర్జాతీయ లావాదేవీలు ఆపి ఉన్నాయి కనక నిరాకరించాం అని.

మా అమ్మాయి నా ఫోను లాక్కుంది. "ఇదిగో, ఇక్కడుంది తేడా. ఈ దుకాణం డబ్బు తీసుకునేది బయటి దేశం నుంచి. మన కార్డులకి ఆ దారి మొదట్లో మూసే ఉంటుంది. కావాలంటే మనమే తెరుచుకోవాలి." మా బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఆ మీట వేసింది. మళ్ళీ కొట్టాం. ఓటీపీ వచ్చింది, వంద రూపాయలు పడ్డాయి. "నీ కార్డుని ఆపింది బ్యాంకు. అందుకే కబురొచ్చింది. పెద్దమ్మకి కబురే లేదు. అంటే ఆపింది బ్యాంకు కాదు."

అక్క నమ్మలేదు. బ్యాంకువాళ్ళనే అడుగుతానని కువైట్‌కి ఫోన్ చేసింది. చేసి అరబ్బీలో మాట్లాడటం మొదలుపెట్టింది. వంటింటి అరబ్బీ అని తనే వెక్కిరించుకుంటుంది గానీ, ఆ గదమాయింపు విని నేను నోరు తెరుచుకుని చూశాను. ఇన్నేళ్ళూ నా ముందు బస్సు టిక్కెట్టు కూడా గట్టిగా అడగని మనిషి. ఫోను పెట్టేసి చెప్పింది: "కార్డు బానే ఉందిట. డబ్బూ ఉందిట. అసలు ఇవాళ అలాంటి కొట్టు నుంచి వాళ్ళనెవరూ ఏమీ అడగలేదుట."

"అంతే పెద్దమ్మా" అంది మా అమ్మాయి, తన కుర్చీ వాళ్ళ పెద్దమ్మకి ఎదురుగా లాక్కుని. "నీ ఖాతా ఇక్కడ తెరిచాం కదా, అది ఇండియా ఖాతా. రేట్లు రూపాయల్లో చూపిస్తుంది. ఇండియా రేట్లు తక్కువ. ఇంకో దేశంవాళ్ళు ఇక్కడి రేటుకి కొనుక్కుపోకుండా, కార్డు ఏ దేశందో చూస్తారు. కార్డు మీద మొదటి కొన్ని అంకెలు చాలు, ఏ బ్యాంకో, ఏ దేశమో తెలిసిపోతుంది. ఖాతా దేశం, కార్డు దేశం ఒకటి కాకపోతే వెనక్కి పంపేస్తారు. బ్యాంకు దాకా వెళ్ళనే వెళ్ళదు. నీ చెయ్యి దాకా అసలు రాలేదు. నువ్వు నొక్కకముందే అయిపోయింది."

"మరి బ్యాంకుని అడగమంటాడేంటి?"

"ఏం జరిగినా అదే మాట రాసి పెట్టుకుంటారు పెద్దమ్మా."

ఖాతానే కువైట్‌కి మార్చేస్తే సరి కదా అన్నాను నేను. నిజంగా ఆ దేశంలో ఉన్నవాళ్ళే మార్చుకోవాలిట. అక్క ఇప్పుడు ఇక్కడుంది. ఫోన్లో ఏదో యాప్ వేసి కువైట్‌లో ఉన్నట్టు నటించొచ్చని మా స్కూల్లో ఒక పిల్లాడు చెప్పిన సంగతి నాకు గుర్తుంది. ఆ మాట అనగానే మా అమ్మాయి నన్ను కాపీ కొట్టే పిల్లని చూసినట్టు చూసింది. దొరికితే ఖాతానే మూసేస్తారుట.

బావగారు బాల్కనీ నుంచి లేచి వచ్చి తన ఫోను చాచారు. "నా యూపీఐ ఉందిగా. దీంతో కొట్టేద్దాం."

యూపీఐ ఆ దుకాణంలో ఇట్టే పడుతుంది. ఇండియా ఖాతాకి అన్నిటికన్నా సుళువైన దారి అదే. నా కార్డుకి వేసినట్టు మీటలేమీ వేయక్కర్లేదు. నెట్‌బ్యాంకింగూ పనిచేస్తుంది. కానీ అక్క తల అడ్డంగా ఊపింది. "మీ డబ్బు మీ చేత్తో ఇస్తే నా బోణీ ఎలా అవుతుందండి?" అక్కకి ఇక్కడ బ్యాంకు ఖాతా ఉందిగానీ, అందులో రాయించిన ఫోను నంబరు ఎప్పుడో పోయింది. ఆ నంబరు లేనిదే యూపీఐ లేదు. బ్యాంకుకి వెళ్ళి మార్పించుకోడానికి రోజులు పడతాయి.

మిగిలింది ఒక్కటే. ఆ దుకాణం వాళ్ళవే గిఫ్ట్ కార్డులు బజార్లో దొరుకుతాయి. రొక్కం ఇచ్చి కొనుక్కుని, దాని మీద గీకితే కనిపించే కోడు ఖాతాలో కొడితే, ఆ సొమ్ము ఖాతాలో జమవుతుంది. అప్పుడు ఏ కార్డూ అక్కర్లేదు. అక్క దగ్గర మార్పించుకున్న రూపాయలున్నాయి. తన డబ్బు, తన చెయ్యి. ఎలాగూ కొన్ని గంటలు ఆగమన్నారు కదా అని భోజనాలయ్యాక బయల్దేరాం. బావగారు ఆటో పిలుచుకొచ్చారు.

మెయిన్ రోడ్డు వెనక సందులో ఆట సీడీలు, జాయ్‌స్టిక్కులు, ఫోను కవర్లు అమ్మే కొట్టు అది. కొట్టాయన భోజనానికి వెళ్ళి అప్పుడే వచ్చి షట్టరు లేపుతున్నాడు. మా అమ్మాయి కావలసింది చెప్పింది.

"ఇండియా ఖాతాయేనా అమ్మా? మా దగ్గర రూపాయల కార్డులే ఉంటాయి. గల్ఫ్ నుంచి తెచ్చిన కార్డులు ఇక్కడి ఖాతాల్లో పట్టవు, ముందే చెప్తున్నాను. ఒకసారి గీకేశాక కార్డు వెనక్కి తీసుకోనండి."

ఇండియా ఖాతాయేనని అంది మా అమ్మాయి. ఆట ఖరీదుకి సరిగ్గా సరిపోయే కార్డు లేదు. కాస్త ఎక్కువదే తీసుకున్నాం, మిగిలింది ఖాతాలోనే ఉంటుంది. అక్క పర్సు తెరిచి నోటు తీసింది.

"చిల్లర ఉంటే ఇవ్వండమ్మా" అన్నాడు కొట్టాయన. "పొద్దున్నంతా కరెంటు లేదు, షట్టరే తీయలేదు. మీదే బోణీ."

అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. నోటు మళ్ళీ పర్సులో పెట్టేసుకుంది.

"ఇంకెవరైనా వస్తారు బాబూ. వాళ్ళది అయ్యాక ఇస్తాను. మాకేం తొందర లేదండి" అంది, బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుంటూ.

కొట్టాయనకి అర్థం కాలేదు. బేరం కుదరలేదేమో అనుకుని, కావాలంటే ఒక ఫోను కవరు ఇస్తానన్నాడు. నేను అక్క చెయ్యి పట్టుకుని లాగాను. "ఏంటక్కా ఇది, లే. ఆయన అడుగుతుంటే."

"నీకు తెలీదే" అంది అక్క నెమ్మదిగా. ఏడవలేదు. ఎప్పటినుంచో తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. "నా ఇంటి కొట్టుకి నేను చేసిన బోణీ ఏమైందో చూశాను కదా. పాపం ఈయన పిల్లలున్నవాడిలా ఉన్నాడు. మన పిల్లంటే అడిగింది, కాదనలేకపోయాను. ఊళ్ళోవాళ్ళకెందుకు నా చెయ్యి?"

మా అమ్మాయి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. నేను లాగుతున్న అక్క చెయ్యి వదిలేశాను.

బావగారు మెట్టు కింద ఆటో దగ్గర ఉన్నారు. ఈ మాటలన్నీ విన్నారు. మెట్టెక్కి లోపలికి వచ్చి అక్క ముందు నిలబడ్డారు. ఆయన మాట్లాడేదే తక్కువ. మా పెళ్ళిలో కూడా ఆయన కంఠం విన్నట్టు నాకు గుర్తులేదు.

"ఆ కొట్టు అద్దె అంత తక్కువెందుకో నీకు తెలుసా?" అన్నారు.

అక్క తలెత్తింది.

"బైపాస్ రోడ్డు వస్తోంది, బస్సులింక ఊళ్ళోకి రావు అని కొట్టు యజమాని ముందే చెప్పాడు. అద్దె తక్కువని ఆశపడి తీసుకున్నాను. రోడ్డు పూర్తవడానికి అయిదారేళ్ళు పడుతుందిలే అనుకున్నాను. ఏడాదిలో అయిపోయింది. నీ చేత బోణీ చేయించిన రోజుకే నాకు తెలుసు. పొద్దున్న అమ్మాయి అన్నట్టు, అది నీ చెయ్యి దాకా రానేలేదు."

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదండి?"

"చెప్తే నన్నేమనుకుంటావోనని సిగ్గేసింది. నువ్విలా అనుకుంటున్నావని నాకేం తెలుసు? పదకొండింటికి బజారుకెళ్తుంటే ఎండ నీకు అలవాటైపోయిందనుకున్నాను, ఆ దేశంలో ఉండి ఉండి."

సందులో ఎవరో మోటారుసైకిలు తోసుకుంటూ వెళ్ళారు. నాకైతే ఆయన్ని కడిగేయాలనిపించింది. వరసకి బావగారు, వయసుకి పెద్ద, అదీ కాక బజారు. అంచేత పళ్ళు బిగబట్టుకున్నాను. అక్క లేచి, పర్సులోంచి మళ్ళీ ఆ నోటు తీసి కొట్టాయన చేతిలో పెట్టింది. ఈ గొడవంతా విన్నవాడు కదా, తీసుకోడేమోనని భయపడ్డాను. అతను నోటుని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుని సొరుగులో వేసుకున్నాడు. "కూర్చోండమ్మా, చిల్లర తెస్తాను" అని పక్క కొట్టుకి వెళ్ళాడు. అక్క ఆ మూసిన సొరుగు వైపే చూస్తూ నిలబడింది.

ఇంటికొచ్చి సాయంత్రం దీపాలవేళ దాకా ఆగాం. అక్క చేతిగాజు అంచుతో కార్డు గీకింది, ఒక్కో అక్షరం చదువుకుంటూ కోడు కొట్టింది. సొమ్ము జమైంది. కొనే బటన్ నొక్కింది. ఈసారి ఎర్రక్షరాలు రాలేదు. ధన్యవాదాలని వచ్చింది, కింద రసీదు మెయిల్లో పంపామని. మా అమ్మాయి వాళ్ళ పెద్దమ్మని గట్టిగా వాటేసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, పనిలో పనిగా టీ పెట్టాను.

టీ పట్టుకుని వచ్చేసరికి అక్క అడుగుతోంది. "పొద్దున్ననగా పెట్టావు కదే. నాకన్నా ముందు ఎవరైనా కొన్నారా?"

మా అమ్మాయి నా వంక చూసింది. అబద్ధం చెప్పమని కళ్ళతోనే చెప్పాను. దానికి అబద్ధం చేతకాదు, అది నా పెంపకంలోని లోపం. "కొన్నారు పెద్దమ్మా" అంది. "మధ్యాహ్నానికే నలుగురైదుగురు. ఎవరో ఏమో, ఎక్కడివాళ్ళో కూడా తెలీదు."

ఇంక అయిపోయిందనుకున్నాను. పొద్దుటినుంచీ పడ్డ పాట్లన్నీ గోదాట్లో కలిశాయనుకున్నాను.

"పోనీలేవే" అంది అక్క, గ్లాసు అందుకుంటూ. "వాళ్ళ చెయ్యి కూడా మంచిదే అయ్యుంటుంది."

తర్వాత పంటు నడపడం నేర్పమంది. మొదటి ఆటలోనే మేకలన్నిటినీ ఒకే పక్కకి చేర్చి పంటు తిరగేసింది. వెనక కుర్చీలో బావగారు టీ తాగుతున్నారు. రెండో ఆట మొదలయ్యేలోగా అక్క తల తిప్పకుండానే ఆయన్ని అడిగింది.

"ఆ బైపాస్ సంగతి యజమాని ఎప్పుడు చెప్పాడన్నారు? మళ్ళీ ఒకసారి చెప్పండి."

ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పారు.